సల్లారినాక చూడండి మేడం

తిరుపతి

చి. చిన్నీకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా రాత్రి మళ్ళీ తలుచుకున్నాను. ఫోన్‌లో సగం మాటలు టెన్షన్‌లో పోతాయి, అందుకే రాస్తున్నాను.

జరిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ప్రీహీటర్ దాటి వేడిగా వచ్చిన తోతాపురి మామిడి పల్ప్ కప్పులోకి పట్టి, తీపి ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేసి చూశావు. బ్రిక్స్, అంటే ఆ తీపి లెక్క, 13 చూపించింది. కొనేవాళ్ళకు మీరు ఒప్పుకున్నది కనీసం 14. ఆ పక్కనే నీ కింద పనిచేసే సూపర్‌వైజర్ పెద్దాయన ఫిల్లింగ్‌కు లైన్ సిద్ధం చేసేస్తున్నాడు. "నేను చెప్పకుండా ఎవరు మొదలుపెట్టమన్నారు?" అని పదిహేను మంది ఆడోళ్ళ ముందు అరిచావు. ఆయన "సల్లారినాక చూడండి మేడం" అన్నాడు. ఎదురు చెప్తున్నాడనుకుని లైన్ ఆపించావు. అప్పటినుంచి ఆయన ఏం అడిగినా "మీ ఇష్టం మేడం" అంటున్నాడు, గొడవ తగ్గింది అన్నావు.

తగ్గలేదమ్మా. అసలు గొడవ మొదలైంది అప్పుడే. ముప్పై సీజన్లు చూసినాయన వాదించడం మానేశాడంటే నీ మాట ఒప్పుకున్నాడని కాదు, తనకు తెలిసింది నీకు చెప్పడం మానేశాడని. నువ్వే చెప్పావు కదా, మొన్న రెండో చాంబర్‌లో కాయ మగ్గి మెత్తబడిపోయిందని. తొడిమ దగ్గర వాసన చూసి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ముందురోజే పట్టేసే మనిషాయన. ఆయనకు తెలియకుండా ఉంటుందా? నువ్వు అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంకో సంగతి చెప్తే నీకు కోపం రావచ్చు. ఆరోజు ఆయన చెప్పిందే రైటు. వేడి శాంపిల్ తక్కువ బ్రిక్స్ చూపిస్తుంది. 20 డిగ్రీల దగ్గర చూడాల్సినదాన్ని 35, 40 దగ్గర చూస్తే ఒకటి నుంచి ఒకటిన్నర దాకా తగ్గుతుంది. మీటర్ తనంతట తాను సరిచేసుకునే రకమైనా దానికీ ఒక హద్దుంటుంది, మామూలుగా 30 డిగ్రీలు దాటితే నమ్మలేం. సల్లారినాక ల్యాబ్ అబ్బాయి చూస్తే 14.2 వచ్చిందని నువ్వే అన్నావు. ఆ సంగతి ఆ పదిహేను మందికీ తెలిసే ఉంటుంది. నువ్వు మాత్రం ఎవరితోనూ అనలేదు.

రేపు ఇలా చెయ్యి. షిఫ్ట్ మొదలయ్యే అరగంట ముందు పో. ఆఫీసు రూముకు పిలిపించవద్దు, ఆయన చాంబర్ తలుపు దగ్గర ఉంటాడు, నువ్వే అక్కడికి పో. "అన్నా, ఆరోజు అందరి ముందు అట్లా అనకుండా ఉండాల్సింది" అని ఒక్కసారి చెప్పు. రెండోసారి చెప్పవద్దు, సాగదీస్తే ఆయనే ఇబ్బంది పడతాడు. వెంటనే పనిలోకి దిగు. "మీరు పెద్దవాళ్ళు, నాకు నేర్పండి" లాంటి మాటలు వద్దు, అవి ఆయనకు ముఖస్తుతిలా వినిపిస్తాయి. "ఈరోజు ఏ చాంబర్ ముందు తెరుద్దాం, ఎందుకు?" అని అడుగు. జవాబు విని, ఒప్పుకుంటే అదే చెయ్యి.

తర్వాత లైన్ మొదలయ్యేటప్పుడు అదే ఆడోళ్ళ ముందు ఇంకో మాట చెప్పాలి. "మొన్న వేడి శాంపిల్ చూసి లైన్ ఆపాను, రీడింగ్ నాదే తప్పు. ఇకనుంచి శాంపిల్ చల్లార్చి చూస్తాం. అది చూసి నేను సంతకం పెట్టేదాకా పల్ప్ ట్యాంక్‌లోనే ఉంటుంది, ఫిల్లింగ్‌కు పోదు." ఈ రెండూ ఒకే ఊపిరిలో చెప్పాలి. తప్పు ఒప్పుకోవడం మాత్రమే చెప్తే ఇక లైన్ పెద్దాయనదే అనుకుంటారు. రూలు మాత్రమే చెప్తే పంతం పట్టిందంటారు. ఆయన చెప్పకుండా లైన్ సిద్ధం చేయడం కూడా తప్పే కదా, దానికి విడిగా తిట్టక్కర్లేదు, ఆ రూలే చాలు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది, అది నా నెత్తిన పడిందే. నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు ఒక పల్ప్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ చూసేవాణ్ణి, పేరెందుకులే. మా ఫోర్‌మన్ మా నాన్న వయసువాడు. ఆయన ముందు నేను కుర్చీలో కూడా కూర్చునేవాణ్ణి కాదు. సీజన్ మధ్యలో గేటు బయట రోడ్డు పొడుగునా కాయ ట్రాక్టర్లు నిలబడ్డాయి. డబ్బాలు మరిగే నీళ్ళలో ఉంచే టైము కొన్ని నిమిషాలు తగ్గిద్దాం, ఏం కాదు అన్నాడాయన. మనసు ఒప్పుకోలేదు, కానీ పెద్దాయనకు ఎదురు చెప్పలేక లాగ్ షీట్‌లో పూర్తి టైము వేసి సంతకం చేశాను. కొన్ని వారాలకు గోడౌన్‌లో డబ్బాలు ఉబ్బాయి. విచారణలో ఫోర్‌మన్ చాలా ప్రశాంతంగా "సార్ సంతకం పెట్టినారు కదా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి ఏ నిర్ణయం ఎవరిదో ముందే తేల్చుకో. ఏ చాంబర్ ముందు, ఏ క్రేట్లు మళ్ళీ ఏరాలి, లైన్ మీద ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఇవి ఆయనవి. వీటిలో నీకు వేరే అభిప్రాయం ఉన్నా చాలాసార్లు వదిలెయ్యి. ల్యాబ్ రీడింగ్ మీద ఆపడం, వదలడం, మరిగే టైము, మెషిన్ల కడుగుడు, రికార్డు, ఇవి నీవి. నీ సంతకం పడే ప్రతిదీ నీదే అనుకో. ఆయనకూ ఈ మాట ఇలాగే చెప్పు, "సంతకం నాది అన్నా, రేపు అడిగితే నన్నే అడుగుతారు" అని. ఆ వయసువాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది, ఎందుకంటే సంతకం ఎవరిదో చూసుకునే వాళ్ళు ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు.

సెలవుల సంగతి. ఆడోళ్ళు సెలవుకు ఆయన దగ్గరికి పోతున్నారని బాధపడ్డావు. పోనీ. ఆయన చూసి చెప్తాడు, నువ్వు సంతకం పెడతావు. ఆయన్ను దాటి నేరుగా నీ దగ్గరికి వచ్చినవాళ్ళను మాత్రం "అన్నకు చెప్పినావా?" అని వెనక్కి పంపించు. ఒకసారి ఆయన్ను దాటనిచ్చావంటే రేపు నిన్ను దాటి మేనేజర్ దగ్గరికి పోవడం వాళ్ళకు నువ్వు నేర్పినట్టే.

ఆయన నిన్ను "అమ్మా" అంటే పట్టించుకోకు. లైన్ మీద "పాప" అంటే ఊరుకోవద్దు, కానీ అక్కడే అనవద్దు, టీ టైములో ఒంటరిగా చెప్పు. నువ్వు మాత్రం ఎప్పుడూ "మీరు" అనే అను, కోపంలో కూడా.

ఇదంతా చేసినా పది రోజుల్లో ఆయన నోరు విప్పకపోతే నాకు ఫోన్ చెయ్యి. విప్పాడో లేదో ఎలా తెలుస్తుందంటే, మళ్ళీ నీతో వాదిస్తాడు. వాదిస్తూ కూడా నీ సంతకం కోసం ఆగకుండా పల్ప్ వదిలేశాడంటే అది వేరే సంగతి. అప్పుడు తేదీ, టైము, బ్యాచ్ నంబరు వేసి కాగితం మీద రాసి ఇవ్వాలి. మొదటి కాగితం ఆయన చేతికే ఇవ్వు, పైవాళ్ళకు కాపీ పంపొద్దు. రెండోసారి జరిగితే పైకి పంపించు, ఆ సంగతి ఆయనకు ముందే చెప్పి.

శాంపిల్ చల్లార్చడానికి స్టీల్ గ్లాసును చన్నీళ్ళలో పెడితే చాలు. నీళ్ళు గ్లాసులో పడకుండా చూసుకో, పడితే రీడింగ్ మళ్ళీ తగ్గుతుంది.

మామయ్య