తమ్ముడి హోమ్ లోన్ నుంచి నా పేరు తీయించుకోవడం ఎలా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం మా తమ్ముడు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాడు. వాడి జీతం ఒక్కటే చాలదన్నారని ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకున్న 45 లక్షల హోమ్ లోన్‌లో నేను కో-బారోవర్‌గా సంతకం పెట్టాను. ఫ్లాట్ వాడి ఒక్కడి పేరు మీదే ఉంది. ఈఎంఐ 39,052 రూపాయలు వాడే కడుతున్నాడు. ఇప్పుడు నేను గుంటూరులో ఇల్లు కొందామని 35 లక్షలకు అప్లై చేస్తే, ఆ లోన్ నా మీద చూపిస్తోందని రిజెక్ట్ చేశారు. నాకు చేతికి 80 వేలు వస్తుంది. తమ్ముడికి ఇప్పుడు 72 వేలు, కారు లోన్‌కి 9,500 పోతుంది. పోయినేడు వాడికి పెళ్లయింది, మరదలి జీతం 28 వేలు. నా పేరు తీసేయమని బ్యాంకుకు లెటర్ ఇస్తే సరిపోతుందా? 8 లక్షలు పర్సనల్ లోన్ తీసి వాడి లోన్‌లో కడితే బ్యాంకు నన్ను వదిలేస్తుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ముందు ఆ పర్సనల్ లోన్ ఆలోచన మానేయండి. 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు 8 లక్షలు తీస్తే నెలకు 18,600 పైన కట్టాలి. ఎనిమిదిన్నర శాతం అప్పు తగ్గించడానికి 14 శాతం అప్పు చేయమని సలహా ఇచ్చే ఫ్రెండ్ ఆ ఈఎంఐలో ఒక్కటైనా కడతాడేమో అడిగి చూడండి. దాన్ని మీ పేరు మీద తీస్తే మీ ఇంటి లోన్ మరింత దూరమవుతుంది. తమ్ముడి పేరు మీద తీస్తే వాడి జీతం మీద భారం ఇంకా పెరిగి, బ్యాంకు మిమ్మల్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. పైగా పార్ట్ పేమెంట్ ఎంత చేసినా అగ్రిమెంటులో మీ పేరు అలాగే ఉంటుంది. అసలు తగ్గుతుందంతే.

ఇక లెటర్ సంగతి. మీలా రాసేవాళ్లలో చాలామంది ‘నేను ఊరికే సంతకం పెట్టాను’ అంటారు. బ్యాంకు లెక్కలో అది ఊరికే పెట్టిన సంతకం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, కలిసి అప్పు తీసుకున్నవాళ్లలో ఎవరి దగ్గరినుంచైనా మొత్తం బాకీ అడిగే హక్కు అప్పిచ్చినవాడికి ఉంటుంది. సగం మీది, సగం తమ్ముడిది అన్న మాట లేదు. వాడు కడుతున్నన్నాళ్లూ మీకు ఏమీ తెలియదు. వాడు మానేసిన రోజు మొత్తం మీదే. అందుకే ‘నేను తప్పుకుంటున్నాను’ అని మీరొక్కరే రాసిచ్చిన లెటర్ బ్యాంకు ఫైల్లో పడి ఉంటుంది తప్ప పని చేయదు. లాయర్ నోటీసు పంపినా అంతే. అన్నదమ్ములు స్టాంపు పేపర్ మీద రాసుకున్న ఒప్పందానికీ బ్యాంకు కట్టుబడదు. మీరు కట్టాల్సి వచ్చాక తమ్ముడి దగ్గర వసూలు చేసుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.

మీ లెటర్ చదివాక నాకు టెన్షన్ పుట్టించింది మీ గుంటూరు ఇల్లు కాదు. తమ్ముడికి టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

జరగరానిది జరిగి తమ్ముడు లేకుండా పోయాడనుకోండి. ఫ్లాట్ వాడి పేరు మీదే ఉంది కాబట్టి, వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం కింద అది భార్యకు, పిల్లలుంటే పిల్లలకు, అమ్మ ఉంటే అమ్మకు వెళ్తుంది. వాళ్లలో ఒక్కరు ఉన్నా అన్నకు వాటా రాదు. కానీ అప్పులో మాత్రం మీరు ఉంటారు. ఇల్లు వాళ్లది, బాకీ మీది. మూడేళ్లు కట్టాక కూడా ఆ బాకీ ఎంతో తెలుసా? ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్ల లెక్కన ఇప్పటికి 36 ఈఎంఐలలో 14 లక్షలు కట్టి ఉంటారు. అసలు మాత్రం 3 లక్షలు కూడా తగ్గలేదు, ఇంకా దాదాపు 42 లక్షలు ఉంది. 28 వేల జీతంతో మరదలు 39 వేల ఈఎంఐ కట్టడం కుదరదు. బ్యాంకు ఫోన్ మీకే వస్తుంది.

‘లోన్ ఇచ్చేటప్పుడే బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్ చేయించారుగా’ అంటారేమో. ఆ కాగితం తీసి చూడండి. అది ఎవరి ప్రాణం మీద ఉంది, కవర్ ఏటా ఎంత తగ్గుతోంది, ఎన్నేళ్లకు ఉంది అన్నవి చూడాలి. ఇరవై ఏళ్ల లోన్‌కి ఐదేళ్ల పాలసీ అంటగట్టిన కేసులు నేను చూశాను. కో-బారోవర్ మీద కవర్ తీసి, అసలు ఈఎంఐ కట్టే మనిషిని వదిలేసిన కేసు కూడా ఒకటి చూశాను.

అందుకని ఈ నెలలోనే తమ్ముడి పేరు మీద కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ విడిగా తీయించండి. సిగరెట్ అలవాటు లేని, ఆరోగ్యంగా ఉన్న ముప్ఫైల్లో మనిషికి ఏడాది ప్రీమియం సాధారణంగా వాళ్ల ఒక్క నెల ఈఎంఐకి చాలా తక్కువే ఉంటుంది. అయితే పాలసీ తీయడంతో మీ సమస్య తీరదు. నామినీగా మరదలు పేరు పెడితే క్లెయిమ్ డబ్బు ఆమెకు వెళ్తుంది, దానితో లోన్ తీర్చాలన్న నిర్బంధం ఆమెకు ఉండదు. ఆమె పరిస్థితిలో ఉంటే ఎవరైనా ఆ డబ్బు పిల్లల కోసం దాచుకుంటారు, తప్పు పట్టలేం. కాబట్టి ఆ పాలసీని లోన్ బాకీ మేరకు బ్యాంకుకు అసైన్ చేయించండి, అంటే క్లెయిమ్ డబ్బు మీద ఆ మేరకు హక్కు బ్యాంకుకు రాసిప్పించండి. అప్పుడు ముందు లోన్ తీరి, మిగిలింది ఆమెకు అందుతుంది, ఇల్లు కూడా ఆ కుటుంబానికే మిగులుతుంది. వాడికి చెప్పాల్సింది కూడా ఇదే మాట, ఎందుకంటే ఇది మీ ఒక్కరి రక్షణ కాదు.

దాంతో పాటు ఆరు ఈఎంఐలు, అంటే సుమారు 2.35 లక్షలు, తమ్ముడి పేరు మీద ఒక ఎఫ్‌డీలో విడిగా ఉండాలి. ఒక్క నెల ఈఎంఐ ఆలస్యమైనా క్రెడిట్ రిపోర్టులో మచ్చ ఇద్దరికీ పడుతుంది. 90 రోజులు దాటితే లోన్ మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది. ఆ తర్వాత తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో వచ్చే నోటీసులో మీ పేరు కూడా ఉంటుంది.

ఇప్పుడు బయటపడే దారి చూద్దాం. మీరు బయటికి వెళ్లాక కూడా ఈ అప్పు తీరుతుందా అన్నదొక్కటే బ్యాంకు చూస్తుంది. తమ్ముడి ఒక్కడి లెక్క చూడండి. హోమ్ లోన్ 39,052, కారు 9,500 కలిపితే 48,552. 72 వేల జీతంలో అది 67 శాతం. చేతికొచ్చే జీతంలో ఈఎంఐలన్నీ కలిపి సగం, మహా అయితే 55, 60 శాతం దాటితే ఎక్కువ బ్యాంకులు ఒప్పుకోవు. కాబట్టి ‘అన్నయ్య పేరు తీసేయండి’ అని మాత్రమే వెళ్తే వెనక్కి పంపుతారు. అదే మరదలి జీతం కలిపితే ఇద్దరిదీ లక్ష, భారం 49 శాతం లోపు. మీ స్థానంలో ఆమె కో-బారోవర్‌గా రావడానికి ఒప్పుకుంటే దారి తెరుచుకుంటుంది. కారు లోన్ కూడా తీర్చేయగలిగితే మరీ సులువు. పర్సనల్ లోన్‌తో కాదు, ఉన్న డబ్బుతో. కుదరకపోతే కారు అమ్మి.

ముగ్గురూ సంతకం పెట్టిన దరఖాస్తుతో, ఆ ఇద్దరి జీతం స్లిప్పులు, ఫారం 16, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లతో వెళ్లండి. బ్యాంకు దాన్ని కొత్త లోన్‌లాగే పరిశీలిస్తుంది, ఫీజు కూడా వేయొచ్చు. ఒప్పుకుంటే కొత్త అగ్రిమెంటు రాయిస్తుంది. అందులో మిమ్మల్ని బాధ్యత నుంచి విడుదల చేసినట్టు మాట ఉండాలి. మరదల్ని చేర్చి, మిమ్మల్ని తీయకుండా వదిలేస్తే ముగ్గురూ బాకీదారులవుతారు. కౌంటర్ దగ్గర ‘అయిపోయింది సార్’ అన్నంత మాత్రాన వచ్చేయకండి.

చాలా బ్రాంచీలు లోన్ మధ్యలో పేర్లు మార్చడానికి ఇష్టపడవు. ‘మా దగ్గర ఆ పద్ధతి లేదు’ అంటే వాదించి లాభం లేదు. వదిలిపెట్టాలా వద్దా అన్నది వాళ్ల వ్యాపార నిర్ణయం, అలాంటివాటిలో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోరు. దరఖాస్తు తీసుకోకపోయినా, జవాబే ఇవ్వకపోయినా ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, దానికి 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు.

నన్నడిగితే మీకు నికరమైన దారి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. తమ్ముడు, మరదలు ఇద్దరి పేర్లతో మరో బ్యాంకు 42 లక్షల కొత్త లోన్ ఇస్తుంది, దాంతో పాత లోన్ పూర్తిగా మూతపడుతుంది. పాత అగ్రిమెంటే ఉండదు కాబట్టి మీ పేరు గురించి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్ ముందుగా తీర్చినందుకు ఛార్జీ వేయకూడదని ఆర్‌బీఐ నిబంధన. అయితే కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు మళ్లీ పడతాయి. మీకోసం చేస్తున్న పని కాబట్టి ఆ ఖర్చు మీరు పెట్టుకోవడం న్యాయం. ఒక జాగ్రత్త: పాత లోన్‌తో వచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా కొత్త బ్యాంకుకు రాదు. పైన చెప్పిన టర్మ్ పాలసీ ముందే చేతిలో ఉండాలన్నది ఇందుకు కూడా. కొత్త లోన్ రాగానే దాన్ని కొత్త బ్యాంకుకు అసైన్ చేయించాలి.

ఇవేవీ వెంటనే కుదరకపోతే, ఏడాది ఈఎంఐలన్నీ తమ్ముడి ఖాతా నుంచే పోయినట్టు స్టేట్‌మెంటు చూపిస్తే కొన్ని బ్యాంకులు ఆ భారాన్ని మీ లెక్కలోంచి తీసేసి చూస్తాయి. అన్నీ చూడవు. అప్పుడు లోన్ వచ్చినా తమ్ముడి బాకీ మీ మీద అలాగే ఉంటుంది. మీ ఇంటి ఈఎంఐ 30 వేల పైన, వాడిది 39 వేలు. వాడి ఉద్యోగం పోయిన నెలలో మీ 80 వేలల్లో ఇంట్లోకి మిగిలేది 10 వేల చిల్లర.

పాత లోన్ మూతపడ్డాక నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. మొదట్లో సెక్యూరిటీ కింద మీ ఖాతా చెక్కులు ఇచ్చి ఉంటే, ఆటో డెబిట్‌కి ఒప్పుకుని ఉంటే, అవి వెనక్కి తీసుకుని రద్దు చేయించండి. తర్వాత నెలా రెండు నెలలు ఆగి మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించి, ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కనిపించాకే గుంటూరు ఇంటికి అప్లై చేయండి. అప్పటిదాకా ఇంకో నాలుగు బ్యాంకుల్లో ప్రయత్నించి చూద్దామని తిరగకండి, ప్రతి దరఖాస్తూ ఆ రిపోర్టులో ఒక ఎంక్వైరీగా ఎక్కుతుంది.