సమాధానం: దాగిన చిత్రంలో వాలు గీతే ఆధారం

“చతురస్రంలో ఒక కర్ణం, మధ్యలో ఒక నిలువు గీత. ఆప్షన్లలో రెండు లంబకోణ త్రిభుజాలు ఒకేలా ఉన్నాయి. వీటిలో ఏది ఆ బొమ్మలో దాగి ఉంది అన్నా?”

తమ్ముడూ, ఆకారాన్ని మొత్తంగా వెతకకు. ముందు వాలు గీత దిశ చూడు. నీ కర్ణం పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు దిగుతోంది. లంబకోణం కింద ఎడమవైపు ఉన్న త్రిభుజానికి సరిగ్గా అదే వాలు కావాలి. కుడి సగంలో అడుగున అది చిన్నగా కనిపిస్తుంది, పెన్సిల్‌తో దిద్ది చూడు. లంబకోణం కింద కుడివైపు ఉన్నదానికి ఎదురు వాలు కావాలి. అది బొమ్మలో లేదు, కొట్టేయి.

కాగితం తిప్పితే రెండోదీ ఇమిడిపోతుంది, అసలు చిక్కు అదే. ప్రశ్నలో తిప్పవచ్చని రాయకపోతే తిప్పకు. అన్నట్టు, నీది జిరాక్సు కాపీ అయితే గీత మసకబారిందేమో కూడా చూసుకో.