తొనలు తమ్ముడికి, తొక్క నాకు

"తగాదాలు తీర్చేటప్పుడు పొజిషన్ వేరు, దాని వెనకాల ఉండే ఇంట్రెస్ట్ వేరు అంటారు కదా. ఒక్క ఆరెంజ్ కోసం అక్కాతమ్ముళ్ళు కొట్టుకునే ఉదాహరణతో ఎవరైనా సింపుల్‌గా చెప్తారా?"

ఈ కథ మా ఇంట్లో నిజంగానే జరిగింది. అప్పుడు హైదరాబాద్ బర్కత్‌పురాలో అద్దెకుండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి ఎనిమిది. చలికాలం. నాన్న ఆఫీసు నుంచి వస్తూ కోఠిలో బండి మీద ఆరు సంత్రాలు తెచ్చారు. మూడో రోజుకి ఒక్కటి మిగిలింది. దాని మీద ఇద్దరం ఒకేసారి చెయ్యేశాం. "నాకు కావాలి" అంటే "నాకు కావాలి". అంతకుమించి ఇద్దరం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. వంటింట్లోంచి అమ్మ వచ్చి, ఎవరు ముందు తీశారని కూడా అడగకుండా, కత్తిపీట మీద పండుని అడ్డంగా కోసి చెరో సగం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

వాడికి జ్వరం. మాత్ర వేసుకున్నాక నోరు చేదుగా ఉంది, నాలుగు తొనలు చప్పరించాలి. నాకు తొక్క కావాలి. పెద్దమ్మ కూతురి పెళ్ళికి నానమ్మ నలుగుపిండి చేస్తోంది, డాబా మీద చేటలో కమలా తొక్కలు ఎండుతున్నాయి. వాటిని ఎండబెట్టే పని నాది. ఇంకొక్క పండు తొక్క పడితే దంచొచ్చని నానమ్మ అంది. సగం కోశాక ఏమైంది? అడ్డంగా తెగిన తొనల్లో రసం సగం కత్తిపీట మీదే కారిపోయింది. వాడికి దక్కినవి రెండు గుక్కలు. నా వాటా తొనలు నేను పళ్ళెంలో వదిలేస్తే అవి సాయంత్రానికి వడిలిపోయాయి. వాడి వాటా తొక్కని వాడు కోపం కొద్దీ నా కళ్ళలోకి పిండాడు. ఆ మంట తెలిసినవాళ్ళకి తెలుసు. నేను ఏడుస్తుంటే నానమ్మ వచ్చి పళ్ళెం చూసి, నేల మీద నలిగిన తొక్క చూసి, "తొనలు వాడికి, తొక్క దానికి ఇస్తే సరిపోయేది కదమ్మా" అని అమ్మతో అంది.

ఇరవై ఏళ్ళ తర్వాత వకీలుగా మీడియేషన్ శిక్షణ తీసుకున్నాను, అంటే తీర్పు చెప్పకుండా ఇరువైపులవాళ్ళనీ రాజీకి తెచ్చే పని. నలభై గంటల శిక్షణ అది. అందులో ఇదే కథ చెప్పారు, కాకపోతే అక్కడి అమ్మాయికి తొక్క కేకులోకి కావాలి. మా వరసలో కూర్చున్న పదిమందిలో ఒక్కరు కూడా జన్మలో కేకులో కమలా తొక్క తురిమి ఎరగరు. మన ఇళ్ళల్లో తొక్కకి వంద పనులున్నప్పుడు అరువు తెచ్చుకున్న కేకుతో ఎందుకు చెప్పాలి? నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేనైతే పొజిషన్‌ని పట్టు అంటాను, ఇంట్రెస్ట్‌ని అవసరం అంటాను. రెండింటినీ విడదీయడానికి నా దగ్గర ఒక్కటే పరీక్ష. పట్టు తీరడానికి ఒకే దారి ఉంటుంది, అవసరం తీరడానికి చాలా ఉంటాయి. "పండు మొత్తం నాకే" అన్నదానికి పండు మొత్తం ఇవ్వడం తప్ప మార్గం లేదు. "నోటి చేదు పోవాలి" అన్నదానికి తొనలు చాలు, బత్తాయి రసమైనా చాలు, పటికబెల్లం ముక్కైనా చాలు. ఎదుటి మనిషి చెప్పినదానికి ఒక్క దారే కనిపిస్తుంటే మీరింకా పట్టు దగ్గరే ఉన్నారన్నమాట. ఇంకాస్త లోపలికి పోవాలి.

కానీ కమలాపండు కథ చెప్పి ఆగిపోతే అది చాలా తేలికైన విషయంలా అనిపిస్తుంది. మేమిద్దరం పెద్దయ్యాక ఇంకోసారి పోట్లాడుకున్నాం. ఈసారి నాన్న కట్టిన నల్లకుంట ఇల్లు. నూట ఎనభై గజాలు, కింద అమ్మ, పైన కిరాయికున్నవాళ్ళు. నాన్న వీలునామా రాయకుండానే పోయారు. ఆయన స్వార్జితం కాబట్టి అమ్మకి, తమ్ముడికి, నాకు సమానంగా మూడు వాటాలు. ఏడాది తిరగకముందే తమ్ముడు "అమ్మేద్దాం" అన్నాడు. నేను "అమ్మేది లేదు" అన్నాను. ఊళ్ళో పరాయివాళ్ళ గొడవలు తీర్చేదాన్ని, నా ఇంటి దగ్గర మూడు నెలలు ఇదొక్క మాట మీదే కూర్చున్నాను.

పెద్దమనుషులని పిలిచాం. నాకు ఈ పెద్దమనుషుల మీద నిజంగా కోపం. ఎవరొచ్చినా చెరి సగమే న్యాయం అంటారు. ఆ మాట వాళ్ళకి తేలిక, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. ఒకాయనైతే అమ్మ వాటాని పక్కన పెట్టేసి, మధ్యలో గోడ పెట్టుకొని చెరో తొంభై గజాలు తీసుకోండి అన్నాడు. మెట్లన్నీ వాడి వైపు పడతాయి, బోరూ సంపూ నా వైపు. పై అంతస్తుకి నేను ఎక్కలేను, వాడికి నీళ్ళు రావు. మళ్ళీ అదే కత్తిపీట.

ముడి విప్పింది మా చిన్నమ్మ. ఆమె ఏ శిక్షణా తీసుకోలేదు. ఒక ఆదివారం తమ్ముడిని విడిగా వెనక వరండాలో కూర్చోబెట్టుకుని, "అమ్మినమని అనుకో, పైసలు చేతికొచ్చిన మర్నాడు ఏం జేస్తవ్ రా?" అని అడిగింది. అప్పుడు చెప్పాడు. కొత్త ఫ్లాట్ బుక్ చేశాడు, మార్చిలోపు తన వంతు పద్దెనిమిది లక్షలు కట్టకపోతే బుకింగ్ పోతుంది, అప్పటిదాకా కట్టిందాంట్లోనూ కోత పెడతారు. ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదు? అవసరంలో ఉన్నాడని తెలిస్తే అతని వాటాని నేను చవగ్గా అడుగుతానని భయం. ఇది వాడి ఒక్కడి భయం కాదు. బేరం ఉన్న ప్రతిచోటా మనుషులు అవసరాన్ని దాచి పట్టునే ముందు పెడతారు. అందుకే మీడియేషన్‌లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి విన్నాక ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. ఒకరు విడిగా చెప్పింది వాళ్ళ అనుమతి లేకుండా రెండోవాళ్ళకి చెప్పం.

చిన్నమ్మ అడిగిన తీరు చూడండి. మూడు నెలలూ నేను తమ్ముడిని "ఎందుకు అమ్మాలంటున్నావ్?" అనే అడిగాను. మన భాషలో ఎందుకు అన్నది నిలదీసినట్టే వినిపిస్తుంది. దానికి వాడు ఇప్పుడే రేటు బాగుందని, ఇల్లు పాతదైందని, రిపేర్లకి ఎవరు పెడతారని కారణాలు పేర్చాడు. ప్రతి కారణంతో పట్టు ఇంకా బిగిసింది. ఆమె అమ్మడం గురించి అడగలేదు, అమ్మిన మర్నాటి గురించి అడిగింది.

తర్వాత నన్ను పిలిచి, "ఇల్లు పోతే నీకు ముందుగల్ల ఏం యాదికొస్తది?" అంది. అమ్మ ఎక్కడుంటుంది, ఆమెకి గుడి, డాక్టరు, పక్కింటివాళ్ళు అందరూ ఇక్కడే కదా అన్నాను. "మీ అమ్మని అడిగినవా?" అంది. అడగలేదు. మూడో వాటా ఆమెది, అయినా మా ఇద్దరిలో ఒక్కరం కూడా అడగలేదు.

అమ్మ చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. గుడి ఎక్కడైనా ఉంటుంది అంది. ఆమెకి కావాల్సింది పైవాళ్ళు ప్రతి నెలా అయిదో తారీఖున తెచ్చి చేతికిచ్చే తొమ్మిది వేలు. మనవడికి షర్టు కొనాలన్నా, పనమ్మాయికి పండక్కి ఇవ్వాలన్నా ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర్లేదు. నేను అమ్మ కోసమే పోరాడుతున్నాననుకున్నాను. ఆమె అవసరం ఏమిటో నేనే ఊహించేసుకుని, ఆ ఊహ మీద నా పట్టు నిలబెట్టుకున్నాను. మీడియేషన్‌లో నేను ఎక్కువగా చూసే పొరపాటు కూడా ఇదే. ఎదుటివాళ్ళ అవసరం మనకి తెలిసిపోయిందనుకుంటాం.

మూడూ బయటికొచ్చాక లెక్క మారింది. మార్చిలోపు పద్దెనిమిది లక్షలు, అమ్మ చేతికి నెలనెలా డబ్బు, ఆమె ఉన్నన్నాళ్ళు ఆమెని కదిలించకపోవడం. వీటిలో ఒక్కటి కూడా ఇల్లు అమ్మితేనే తీరేది కాదు. నాన్న ఎప్పుడో శివారులో కొన్న రెండు వందల గజాల ప్లాటు ఉంది, దాని మీద ఎవరికీ మనసు లేదు కాబట్టి గొడవలోకే రాలేదు. ముగ్గురం సంతకాలు పెట్టి గజం పన్నెండు వేలకి అమ్మాం. ఇరవై నాలుగు లక్షల్లో పద్దెనిమిది తమ్ముడికి, ఆరు అమ్మ పేర డిపాజిట్. వాడు తన వాటా కంటే ఎక్కువ తీసుకున్నది రేపు ఇంటి లెక్కలో తగ్గించుకోవాలని, అమ్మ ఉండగా ఇల్లు అమ్మరాదని, కిరాయి ఆమెదేనని కుటుంబ ఒప్పందం రాసుకుని రిజిస్టర్ చేయించాం. నోటిమాట మీద వదిలేయొద్దు. కోడళ్ళూ అల్లుళ్ళూ మారితే జ్ఞాపకాలు కూడా మారతాయి.

ఇది ఇళ్ళల్లో మాత్రమే పనిచేస్తుందనుకునేవాళ్ళకి సైనాయ్ సంగతి చెప్తాను. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆ ఎడారిని ఈజిప్టు నుంచి పట్టుకుంది. 1978లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో చర్చలకి కూర్చునేనాటికి ఈజిప్టు పట్టు అంతా తిరిగివ్వాలని, ఇజ్రాయెల్ పట్టు కొంతైనా ఉంచుకుంటామని. మ్యాపు మీద గీత ఎక్కడ గీసినా ఈజిప్టు ఒప్పుకోదు, మా అమ్మ కత్తిపీట కోతలాంటిదే ఆ గీత. లోపలి అవసరాలు వేరు. ఈజిప్టుకి తరతరాలుగా తమదైన నేల మీద తమ అధికారం ఉండాలి, ఇజ్రాయెల్‌కి తమ సరిహద్దు పక్కన ఈజిప్టు ట్యాంకులు ఉండకూడదు. చివరికి సైనాయ్ మొత్తం ఈజిప్టుకి వెళ్ళింది, అందులో చాలా భాగంలో సైన్యాన్ని బాగా పరిమితం చేశారు. మరుసటి ఏడాది ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 1982లో ఇజ్రాయెల్ వెనక్కి వెళ్ళింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇద్దరికీ తొనలే కావాల్సినప్పుడు ఎంత తవ్వినా తొక్క బయటపడదు. అప్పుడు పంచుకోవడమే. ఒకరు కోసి రెండోవాళ్ళు ముందు ఎంచుకునే పద్ధతి అక్కడ పనికొస్తుంది, కోసేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కోస్తారు. కోయడానికి వీల్లేనివి కూడా ఉంటాయి. మా ఇంట్లో అది నాన్న హెచ్ఎంటీ వాచీ. వాడికీ నాకూ అది ఒకే కారణానికి కావాలి, ఆయన చేతికి రోజూ ఉండేది కాబట్టి. చిన్నమ్మ కూడా అందులో రెండో కారణం వెతకలేకపోయింది. ఏడాదికొకరం ఉంచుకుంటున్నాం, సంక్రాంతి రోజు చేతులు మారుతుంది. ఈ ఏడు వాడి దగ్గరుంది.