వార్తతో మొదలుపెట్టిన మెయిల్ పొగడ్తలా ఎందుకు వినిపిస్తుంది?

ప్రశ్న: కొత్త కంపెనీలకు మెయిల్ రాసేటప్పుడు, వాళ్ల గురించి ఈ మధ్య వచ్చిన వార్తతో మొదలుపెడుతున్నాను. అయినా వందమందికి ఒకేసారి పంపిన పొగడ్తలాగే ఉంటోంది. ఎలా రాయాలి?

జవాబు: నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీలకు ఫిల్టర్ ప్రెస్‌లు అమ్ముతాను. కోతలో వచ్చే రాతి బురద నుంచి నీటిని పిండి, తిరిగి వాడుకునేలా చేసే యంత్రం అది.

ఒక ఫ్యాక్టరీ కొత్తగా, తీగలతో రాయి కోసే మల్టీవైర్ మెషిన్ పెట్టిందని పేపరు జిల్లా పేజీలో వచ్చింది. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి మొదటి వాక్యం ఇలా రాసి చూపించాడు: "మీ సంస్థ ఇటీవల సాధించిన అద్భుతమైన విస్తరణకు హృదయపూర్వక అభినందనలు." ఫ్యాక్టరీ పేరు తీసేసి నెల్లూరు రొయ్యల ప్లాంటు పేరు పెట్టమన్నాను. వాక్యం చెక్కుచెదరలేదు. అలా ఎవరికైనా అతికే వాక్యాన్ని చదివేవాడు రెండో మాటకే పసిగట్టేస్తాడు.

అసలు పని వార్త దొరికిన తరువాతే మొదలవుతుంది. ఆ వార్త వల్ల, మెయిల్ చదివే మనిషికి రేపటి నుంచి ఏ పని పెరుగుతుందో ఆలోచించాలి. గ్యాంగ్‌సా అనే పాత కోత యంత్రంలో ఉక్కు రవ్వ, సున్నం కలిసిన మిశ్రమమే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. మల్టీవైర్‌కు మాత్రం కోత సాగినంతసేపూ నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి. అంటే బురద నీరు ఎక్కువ వస్తుంది, తొట్టెలు మాత్రం పాతవే. ఆ తలనొప్పి యజమానిది కాదు, ప్రొడక్షన్ మేనేజరుది. అందుకే మెయిల్ ఆయనకే ఇలా పంపాం:

"నమస్కారం సార్. మీరు మల్టీవైర్ పెట్టినట్టు జిల్లా పేజీలో చదివాను. గ్యాంగ్‌సా కోసం కట్టిన తొట్టెల్లో ఈ నీరు తేరుకోవడానికి సమయం చాలుతోందా?"

ఇందులో అభినందన లేదు, విశేషణం కూడా లేదు. వార్తకు ఒక్క వాక్యం, ప్రశ్నకు ఒక్క వాక్యం. తొట్టెల సంగతి ఆయన వెంటనే జవాబివ్వగలిగిన విషయం. మూడో వాక్యంలో మేం చేసే పని చెప్పేశాం. వార్తను అక్కడికీ లాగితే మళ్లీ పొగడ్తలోకే జారుతుంది.

మర పంపిందని పట్టించే చిన్న గుర్తులు కొన్ని ఉన్నాయి. కంపెనీ పేరు చివర "ప్రైవేట్ లిమిటెడ్" అలాగే ఉండిపోవడం మొదటిది. మాటల్లో ఎవరూ అలా అనరు. పత్రిక శీర్షికలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు దించడం ఇంకోటి. అమెరికా సుంకాలు పెరిగాయన్న వార్త కూడా అంతే. ఎగుమతిదారులందరికీ వర్తించే విషయం కాబట్టి, అది ఆయన ఒక్కరి కోసం రాసినట్టు అనిపించదు.

క్వారీలో ప్రమాదం, అధికారుల తనిఖీ, భాగస్వాముల గొడవ లాంటివి ఎంత తాజాగా ఉన్నా ముట్టుకోను. వార్త రెండు మూడు నెలల పాతదైతే, మెషిన్ ఇంకా నడుస్తోందో లేదో తెలిసినవాళ్లను అడిగాకే రాస్తాను. వార్తకూ మా సరుకుకూ పొత్తు కుదరకపోతే దాన్ని వదిలేసి, "మీ బురద నీటిని ఇప్పుడు ఎలా వడకడుతున్నారు?" అని నేరుగా అడుగుతాను.