ప్రతి నెలా వెనక్కి జరుగుతున్న అద్దె: ఆఖరి హెచ్చరిక ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటును నెలకు 18,000 రూపాయలకు అద్దెకిచ్చాను. ఏ నెల అద్దె ఆ నెల 5వ తేదీలోపు ఇవ్వాలని అగ్రిమెంటులో ఉంది. ఏప్రిల్ అద్దె 9న, మే అద్దె 14న, జూన్‌ది 18న, జూలైది 24న, ఆగస్టుది 31న వచ్చాయి. సెప్టెంబరుది ఇంకా రాలేదు. ఆ ఫ్లాటు మీదున్న లోన్ ఈఎంఐ 7న కట్ అవుతుంది. రెండుసార్లు బౌన్స్ అయి 590 చొప్పున పోయాయి. 11 నెలల అగ్రిమెంటు మార్చితో అయిపోయింది, మళ్లీ రాయించలేదు. రెండు నెలల అడ్వాన్సు నా దగ్గరుంది. మనుషులు మంచివాళ్లే, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారు. గట్టిగా అడిగితే ఖాళీ చేస్తారేమోనని భయం, అడక్కపోతే అలుసైపోతాను. ఏం చేయమంటారు, సార్?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు తేదీలన్నీ రాసి పంపడం మంచిదైంది, ఎందుకంటే అసలు సంగతి వాటిలోనే ఉంది. 5వ తేదీ నుంచి లెక్కిస్తే ఆలస్యం వరుసగా 4, 9, 13, 19, 26 రోజులు. జీతం 10న పడే అద్దెదారు ప్రతి నెలా 11నో 12నో అద్దె ఇస్తాడు. ఆ ఆలస్యం చిరాకు పుట్టిస్తుంది కాని పెరగదు, గడువును 12కు మార్చుకుంటే తీరిపోతుంది. మీ అద్దెదారు ఆలస్యం అలాంటిది కాదు. అది నెలనెలా నాలుగు నుంచి ఏడు రోజులు వెనక్కి జరుగుతోంది. ఆ ఇంట్లో ఖర్చు రాబడిని మించిపోయి, ఆ లోటును ప్రతి నెలా మీ అద్దె గడువులోంచి పూడ్చుకుంటున్నారని అనుకోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. ఇదే వరుసలో పోతే సెప్టెంబరు అద్దె అక్టోబరు 8 ప్రాంతంలో వస్తుంది, అప్పటికి అక్టోబరు అద్దె గడువు కూడా దాటిపోయి ఉంటుంది. ఆ రోజున బాకీ 36,000, మీ దగ్గరున్న అడ్వాన్సూ 36,000. ఆ పైన మీ చేతిలో పట్టు ఉండదు.

ఇక భయం సంగతి. ఈ ఐదు నెలల్లో కలిపి 71 రోజులు ఆలస్యమైంది. 18,000 మీద ఏడాదికి 9 శాతం వడ్డీ వేసినా 71 రోజులకు 315 రూపాయలే అవుతుంది. రెండు బౌన్సుల 1,180 కలిపితే ఇప్పటిదాకా మీ నష్టం 1,500 లోపే. అదే అద్దెదారు ఖాళీ చేస్తే ఫ్లాటు ఒక నెల ఖాళీగా ఉన్నందుకు 18,000, రంగులకు ఓ 12,000, బ్రోకరుకు సగం నెల అద్దె 9,000 అనుకున్నా 39,000 దాకా చేతినుంచి పడుతుంది. అందుకే వెంటనే ఖాళీ చేయించమని నేను చెప్పను. అయితే బాకీ ఒక నెల అద్దె దాటకముందే హెచ్చరిక వారి చేతికి అందాలి, రెండు నెలలకు చేరిన రోజున ఖాళీ నోటీసు వెళ్లాలి. ఈ రెండు గీతలను ఇప్పుడే గీసుకోండి, ఎందుకంటే మొహమాటం పనిచేసేది అప్పటికప్పుడు నిర్ణయించుకోవాల్సి వచ్చినప్పుడే.

ఈలోగా ఒక నెల ఈఎంఐకి సరిపడే సొమ్మును ఆ లోన్ కట్ అయ్యే ఖాతాలోనే కదపకుండా ఉంచండి. అద్దె ఎప్పుడొచ్చినా అది ఆ సొమ్మును తిరిగి నింపడానికే వెళ్లాలి. ఈఎంఐ బౌన్స్ అయితే మచ్చపడేది మీ సిబిల్ రికార్డు మీదే గాని అద్దెదారు మీద కాదు.

మొదటి మెట్టు ముఖాముఖి మాట. ఫ్లాటుకు వెళ్లి, భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడు, తేదీల చీటీ ముందుపెట్టి జీతం ఏ తేదీన పడుతుందో అడగండి. వారు 10 అంటే, అక్టోబరు నుంచి గడువు 12వ తేదీ అని ఒప్పుకోండి. ఇది దయతో చేసేది కాదు. వారు నిలబెట్టుకోగలిగిన గడువు పెడితేనే, రేపు అది తప్పినప్పుడు మీ మాటకు బలం ఉంటుంది. ఇంటికి రాగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: "ఈ రోజు మనం మాట్లాడుకున్న ప్రకారం సెప్టెంబరు అద్దె 18,000 ఈ నెల 25లోపు, అక్టోబరు నుంచి ప్రతి నెల అద్దె 12వ తేదీలోపు ఇస్తామన్నారు. సరేనని జవాబివ్వగలరు." ఆ సరే అన్న ఒక్క మాట రావాలి.

మెసేజ్‌ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ ఉద్యోగి ఏడాదిన్నర పాటు ప్రతి నెలా "పర్లేదు బాబూ, వీలు చూసుకొని వేయి" అని రాస్తూ వచ్చారు. చివరికి నోటీసు ఇస్తే, అవతలివారు ఆ మెసేజ్‌లన్నీ ప్రింటు తీసి, గడువు విషయంలో పట్టింపు లేదని ఓనరే చెప్పారంటూ జవాబు పంపారు. ఆలస్యమైన అద్దె అందినప్పుడు, "జూలై అద్దె 24న అందింది, గడువు 5వ తేదీయే" అని పొడిగా రాసి ఊరుకోండి.

అలాగే ప్రతి జమకూ అది ఏ నెలదో రాసుకోవాలి. కాంట్రాక్టు చట్టం 59, 60 సెక్షన్ల ప్రకారం, డబ్బిచ్చేవారు అది ఏ బాకీ కిందో చెబితే మీరు ఆ బాకీకే జమ చేయాలి; చెప్పకపోతే ఏ బాకీకి జమ చేసుకోవాలన్నది మీ ఇష్టం. కాబట్టి యూపీఐలో ఏమీ రాయకుండా 10,000 పడితే, "ఇది సెప్టెంబరు అద్దె కింద జమ, ఇంకా 8,000 రావాలి" అని ఆ రోజే తెలియజేయండి.

కొత్త గడువు ఒక్కసారి తప్పినా రెండో మెట్టుకు రండి. ఈసారి ఫోను కాదు, సంతకం చేసిన ఉత్తరం. అందులో కోపం, నిష్ఠూరం, మీ ఈఎంఐ కష్టాలు ఉండకూడదు. తేదీలు, మొత్తం, కట్టాల్సిన రోజు చాలు. ఏడు రోజుల గడువివ్వండి. చాలామంది ఈ ఉత్తరంతోనే దారికి వస్తారు, కాగితం ఇంట్లోకి వస్తే భార్యాభర్తలిద్దరూ చదువుతారు కదా.

అదీ పనిచేయకపోతే మూడోది ఆఖరి హెచ్చరిక. దీన్ని స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే సదుపాయంతో పంపండి. మనకు అలవాటైన రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పోస్టాఫీసు రసీదును ఉత్తరం నకలుకు పిన్ చేసి ఉంచుకోండి. ఉత్తరం దాదాపు ఇలా ఉంటే చాలు:

"శ్రీ … గారికి, మీరు అద్దెకుంటున్న ఫ్లాటు నెం. … కు సంబంధించి, ఏప్రిల్ నుంచి అద్దె గడువు తేదీలు, అది అందిన తేదీలు ఈ కింద ఇచ్చాను. గడువును మీ కోరికపై 12వ తేదీకి మార్చిన తర్వాత కూడా అక్టోబరు అద్దె అందలేదు. ఈ విషయమై … తేదీన మెసేజ్, … తేదీన ఉత్తరం పంపాను. ఈ రోజుకు రావాల్సిన మొత్తం 18,000 రూపాయలు. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో ఆ మొత్తం చెల్లించాలి. రాబోయే మూడు నెలల్లో ఏ నెల అద్దె గడువు దాటినా, మరో హెచ్చరిక లేకుండా అద్దె ఒప్పందాన్ని ముగిస్తూ చట్టప్రకారం నోటీసు పంపుతాను. అడ్వాన్సు సొమ్ము అద్దె బాకీకి సర్దుబాటు కాదు. ఇల్లు అప్పగించిన రోజున లెక్క చూసి తిరిగి ఇస్తాను."

చివరి వాక్యం తప్పనిసరిగా ఉండాలి. అద్దె వెనకబడిన ఇంట్లో తరచుగా కరెంటు బిల్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కూడా వెనకబడి ఉంటాయి, వాటికి మిగిలేది ఈ అడ్వాన్సే. బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబరుతో కరెంటు బాకీని విద్యుత్ సంస్థ వెబ్‌సైటులో చూడవచ్చు. ఈ రోజే చూడండి.

ఈ ఉత్తరంలోనే ఖాళీ చేయమని కూడా రాయాలనిపిస్తుంది, రాయకండి. డబ్బు కట్టండి, లేదా ఖాళీ చేయండి అని ఒకే కాగితంలో రాస్తే అది హెచ్చరికో నోటీసో తేలదు. నోటీసు వేరే కాగితం, దాన్ని వకీలు చేత రాయించాలి. మీ అగ్రిమెంటు మార్చితో ముగిసినా ఆ తర్వాత మీరు అద్దె తీసుకున్నారు కాబట్టి, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం అది నెలవారీ అద్దెగా కొనసాగుతోంది. అలాంటి అద్దెను ముగించడానికి 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు, ఆ రోజులు నోటీసు అందిన నాటి నుంచి లెక్క. కాకపోతే పాత అగ్రిమెంటులో నెల నోటీసు అనో రెండు నెలలనో ఉందేమో చూసి, ఉంటే అంత గడువే ఇవ్వండి. హైదరాబాదులో నెలకు 3,500 దాటిన అద్దెకు పాత అద్దె నియంత్రణ చట్టం వర్తించదు కనుక మీ వ్యవహారం రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాదు, ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టుకు వెళుతుంది.

అద్దె ఎగ్గొట్టారన్న ఒక్క కారణం మీదే ఒప్పందం రద్దు చేయాలని చూడటం బలహీనమైన దారి, ఎందుకంటే ఆస్తి బదిలీ చట్టం 114వ సెక్షన్ ప్రకారం, విచారణ నాటికి అద్దెదారు బాకీని వడ్డీతో, ఖర్చులతో సహా కట్టేస్తే కోర్టు ఆ రద్దును పక్కన పెట్టవచ్చు. నెలవారీ అద్దెను 106 కింద ముగించడానికి కారణమే చూపనక్కర్లేదు. ఆలస్యంగానైనా కట్టేసే మీ అద్దెదారు లాంటివారి విషయంలో ఈ తేడా చాలా పెద్దది.

నోటీసు గడువు నడుస్తుండగా తాళం వేయడం, కరెంటో నీళ్లో ఆపడం మాత్రం వద్దు. చట్టప్రకారం కాకుండా ఇంటినుంచి వెళ్లగొడితే, ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని తిరిగి పొందే హక్కు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ అద్దెదారుకు ఇస్తోంది, అప్పుడు మీరు ఓనరైనా అది అడ్డురాదు. నోటీసు తర్వాత అద్దె పడితే తిప్పి పంపనక్కర్లేదు. "నోటీసుకు భంగం లేకుండా, ఇంటి వాడకానికి పరిహారంగా తీసుకున్నాను" అని అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి, లేదంటే నోటీసును మీరే వదులుకున్నారని వారు వాదిస్తారు.

అంతదాకా రాకుండా మూడు నెలలు అద్దె వేళకు వస్తే, నాలుగో నెలలో కొత్తగా 11 నెలల అగ్రిమెంటు రాయించుకోండి. గడువు 12వ తేదీ అని, ఆపైన రోజుకు 50 రూపాయలని, నోటీసు గడువు ఒక నెల అని అందులో ఉండాలి. రోజుకు 500 అని రాయించాలనిపించవచ్చు. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానాను కోర్టు ఇప్పించదు.