సహోద్యోగిని ఆప్యాయత ఇష్టానికి సాక్ష్యం అవుతుందా?

ప్రశ్న: మా టీమ్‌లో ఎనిమిది నెలలుగా పని చేస్తున్న అమ్మాయి నాతో చాలా ఆప్యాయంగా ఉంటుంది. నేను జ్వరంతో వారం రోజులు రాలేకపోతే నా పని తనే పూర్తి చేసి, రోజూ ఎలా ఉందని మెసేజ్ పెట్టింది. పుట్టినరోజుకు పుస్తకం ఇచ్చింది. రెండుసార్లు సినిమాకు పిలిచాను. మొదటిసారి పని ఉందంది, రెండోసారి ‘చూద్దాం’ అంది. ఆమెకు ఇష్టమేనని, సిగ్గుపడుతోందని మిత్రులందరూ అంటున్నారు. వచ్చే నెల టీమ్ కార్యక్రమంలో అందరి ముందు అడుగుదామనుకుంటున్నాను. ఆమె మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచాను, నేను పంపిన కొన్నింటిని మాత్రం తీసేశాను. ఒకవేళ ఆమె ఫిర్యాదు చేస్తే ఆ స్క్రీన్‌షాట్లు నన్ను కాపాడతాయా?

జవాబు: కాపాడవు. అవి ఆమె మంచితనాన్ని రుజువు చేస్తాయి, మీరు రుజువు చేయవలసింది అది కాదు. పని స్థలంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం తేల్చవలసిన ముఖ్యమైన అంశం, మీరు చేసిన పని ఆమెకు సమ్మతమా కాదా అన్నది. మీ మనసులో ఎంత స్వచ్ఛమైన భావం ఉన్నా, ఆమె అంతకుముందు మీతో ఎంత ఆప్యాయంగా ఉన్నా, ఆ ప్రశ్నకు అవి జవాబు కావు. కనుక జ్వరాన్నీ పుస్తకాన్నీ పక్కన పెట్టి, మీ లేఖలో మీరు రెండు వాక్యాలతో దాటేసిన రెండు ఆహ్వానాల దగ్గరకు వద్దాం.

రావాలని ఉండి రాలేకపోయిన మనిషి సాధారణంగా మరో రోజు చెబుతారు. ‘ఈ శనివారం కుదరదు, వచ్చే వారం వెళ్దామా?’ అని అడుగుతారు. లేదంటే నాలుగు రోజుల తర్వాత తామే ఆ మాట మళ్ళీ ఎత్తుతారు. ఎంత బిడియస్థులైనా ఈ మాత్రం దారి తెరిచి ఉంచుతారు, ఎందుకంటే అవకాశం చేజారిపోతుందన్న భయం అప్పుడు వారికే ఉంటుంది. మీ విషయంలో మొదటిసారి కారణం చెప్పి ఊరుకున్నారు. రెండోసారి కారణం కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ఆ ప్రస్తావన తెచ్చారని మీరు ఎక్కడా రాయలేదు, తెచ్చి ఉంటే మీరు తప్పక రాసేవారు. రోజూ పక్కన కూర్చుని పని చేయవలసిన మనిషి ముఖం మీద ‘రాను’ అనడం కష్టం కాబట్టి చాలామంది కాదనడానికి ఎంచుకునే మర్యాదైన మార్గం ఇదే. నేను దీనిని నిరాకరణగానే చదువుతాను, మీరూ అలాగే చదవాలి.

ఇక ఆ ఆప్యాయత సంగతి. ఒక పనిని ఇష్టానికి గుర్తుగా లెక్కించే ముందు, అదే పని ఆమె ఇంకెవరికైనా చేశారా అని చూడాలి. మీ పని ఆగితే టీమ్ మొత్తం గడువు తప్పే పరిస్థితి ఉందా? ఇంకెవరైనా సెలవు పెట్టినప్పుడు ఆమె ఇలాగే ఆదుకున్నారా? ఇతరుల పుట్టినరోజులకు ఏమీ ఇవ్వలేదా? ఈ ప్రశ్నలలో ఒక్కదానికీ మీ లేఖలో సమాధానం లేదు. ఎందుకంటే మీరు ఆమెను మీ వైపు నుంచే చూశారు, ఆమె మిగతావారితో ఎలా ఉంటారో గమనించలేదు. ఇంకొకటి కూడా చూడండి. మెసేజ్‌లు ముందుగా ఎవరు మొదలుపెడుతున్నారు, పని కారణం ముగిశాక కూడా అవి సాగుతున్నాయా? జ్వరం తగ్గి మీరు తిరిగి వచ్చిన రోజుతోనే ఆమె మెసేజ్‌లు ఆగిపోయి ఉంటే, అవి జ్వరానికి సంబంధించినవే.

మిత్రుల మాటకు సాక్ష్యంగా విలువ లేదు. వారు ఆమె నోట విన్నది చెప్పడం లేదు, మీ నోట విన్నదానినే మీకు తిరిగి చెబుతున్నారు. పైగా బయట నిలబడి చూసేవారికి నిజం బాగా తెలుస్తుందన్న నమ్మకం కూడా సరికాదు. 1982లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆంటోనియా ఆబీ ప్రచురించిన అధ్యయనంలో, పరిచయం లేని ఒక స్త్రీ, ఒక పురుషుడు ఐదు నిమిషాలు మాట్లాడుకుంటుంటే మరో స్త్రీ, మరో పురుషుడు చాటు నుంచి చూశారు. ఆమెతో మాట్లాడిన పురుషుడే కాదు, ఊరికే చూసిన పురుషుడు కూడా ఆమె స్నేహభావంలో స్త్రీలకు కనబడిన దానికంటే ఎక్కువ ఆకర్షణను చూశాడు.

మీరు తీసేసిన మెసేజ్‌ల గురించి గట్టిగానే చెప్పాలి. ఇది చాలా అజాగ్రత్త. మీ ఫోన్‌లో లేనివి ఆమె ఫోన్‌లో ఉండవచ్చు. రేపు విచారణలో ఆమె మొత్తం సంభాషణ చూపించి, మీరు ఏరిన ముక్కలు మాత్రమే చూపిస్తే, మీ నిజాయితీ మీదే మొదటి అనుమానం వస్తుంది. మర్యాదగా రాసిన రెండు ఆహ్వానాలు నేరం కావు, వాటిని దాచిపెట్టడమే వాటికి నేరం రంగు పులుముతుంది. ఇక మీదట ఒక్కటి కూడా తీసేయకండి, మిగిలిన సంభాషణను పూర్తిగా భద్రపరచండి, ఆమె మెసేజ్‌లను ఎవరికీ చూపించకండి.

అందరి ముందు అడగాలన్న ఆలోచనను ఈరోజే వదిలేయండి. అది ధైర్యం కాదు, కాదనే వీలు ఆమెకు లేకుండా చేయడం. ఆ క్షణంలో ఆమె నవ్వినా, తల ఊపినా, అది చుట్టూ ఉన్నవారిని చూసి చేసింది కావచ్చు కాబట్టి దానిని సమ్మతిగా చూపించలేరు. మరునాడు ఆమె ఫిర్యాదు చేస్తే, మీరు పిలిచి నిలబెట్టిన టీమ్ అంతా ఆమె తరఫు సాక్షులవుతారు. మిత్రుడిని రాయబారం పంపడం కూడా ఇలాంటిదే.

కాలపరిమితి గురించి చాలామందికి అపోహ ఉంది. ఆ 2013 చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే ఫిర్యాదును విచారించే కమిటీ మరో 3 నెలల వరకు పొడిగించవచ్చు. అయితే వరుస ఘటనలైతే గడువు చివరి ఘటన నుంచి మొదలవుతుంది. అంటే మీరు పంపే మూడో ఆహ్వానం పాత రెండింటినీ కూడా లెక్కలోకి తెచ్చే ప్రమాదం ఉంది. అదీ కాక, ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలిపిన తర్వాత కూడా పురుషుడు పదే పదే వెంటపడడం, సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి నేరం రుజువైతే 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ఆమె పనిని మదింపు చేసే అధికారం, సెలవు మంజూరు చేసే అధికారం మీకు ఏ రూపంలోనైనా ఉంటే అసలు అడగకండి. అధికారం ఉన్నచోట ఆమె అవునన్నా అది స్వేచ్ఛగా అన్నదని చూపించడం కష్టం. లేకపోతే, మూడో ఆహ్వానం వద్దు, కొన్ని వారాలు పని మాటలకే పరిమితం కండి. ఆ వ్యవధిలో పనితో సంబంధం లేని మాటను ఆమె తనంతట తాను, ఒకటికి రెండుసార్లు తెస్తే, అప్పుడు ఒక్కసారి, ఏకాంతంగా కానీ ఆమె సులువుగా వెళ్ళిపోగల చోట, దాపరికం లేకుండా అడగవచ్చు: ‘మీరంటే నాకు ఇష్టం. మీకు అలాంటి ఆలోచన లేకపోతే చెప్పండి, మన పనిలో ఏ తేడా రాదు, మళ్ళీ అడగను.’ ఆమె కాదన్నా, మాట దాటేసినా, మౌనంగా ఉన్నా ఆ విషయం అక్కడితో ముగిసినట్టే. కారణం అడగకూడదు.

ఆమె ఏమీ తేకపోతే, జవాబు మీకు ముందే వచ్చింది. ఏ సందర్భంలోనైనా ఆ తర్వాత మీ ప్రవర్తనే అన్నిటికంటే కీలకం. ఆమెకు ఇవ్వవలసిన ఫైలు ఆలస్యం చేయడం, సమావేశాల్లో ఆమె మాటను తీసిపారేయడం, పలకరింపు మానేసి ఇతరులు గమనించేలా ముభావంగా ఉండడం వంటివి చేస్తే, అంతవరకు తప్పు కాని మీ ప్రశ్న కూడా ఆమె పనికి ఆటంకం కలిగించిన వేధింపులో భాగంగా కనబడుతుంది. మునుపటిలాగే పని చేయండి, ఆమె మునుపటిలాగే మీ మంచి చెడ్డలు అడిగితే దానిని మళ్ళీ కొత్త సాక్ష్యంగా పోగు చేయకండి.