క్షమించాలా వద్దా అని కార్డును అడగకండి, ఈ మూడు అడగండి

ప్రశ్న: మూడేళ్లుగా మాటల్లేని క్లోజ్ ఫ్రెండ్‌ను క్షమించాలా వద్దా తేల్చుకోలేకపోతున్నా. టారోలో మూడు కార్డులు వేస్తే తెలుస్తుందంటున్నారు. ఎలా వేయాలి?

నేను నల్గొండలో ఉంటాను, ఎనిమిదేళ్లుగా కార్డులు వేస్తున్నాను. ఎక్కువగా నా కోసమే, అప్పుడప్పుడు మా వీధిలో వాళ్ల కోసం. పైసలు తీసుకోను. ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది, ఎందుకంటే నాలుగేళ్ల కింద ఇదే ప్రశ్నతో నా కోసం నేను కార్డులు వేసుకున్నాను.

ముందు ఒక మాట. యూట్యూబ్‌లో అందరూ చెప్పే భూతం, వర్తమానం, భవిష్యత్తు పద్ధతి ఈ పనికి అస్సలు వద్దు. జరిగింది మీకు కంఠస్థం, ఇప్పుడు మాటల్లేవన్నది కూడా తెలిసిందే, ఇక మిగిలింది మూడో కార్డు ఒక్కటే. దాన్ని పట్టుకుని మనిషి ఊగిపోతాడు. మంచి బొమ్మ వస్తే ఆ రాత్రే ఫోన్ చేస్తారు, కత్తుల బొమ్మ వస్తే ఇంకో మూడేళ్లు మాట్లాడరు. "తను నన్ను గుర్తు చేసుకుంటోందా" అని అడిగేవాళ్లు ఇంకా ఎక్కువ. కార్డులు మీ చేతిలో ఉన్నాయి, తన మనసు తన దగ్గర ఉంది. మీ చేతిలో ఉన్నవి మీ గురించే చెబుతాయి.

నేను మూడు స్థానాలు ఇలా పెట్టుకుంటాను. మొదటిది, ఈ గొడవలోంచి నేను ఇప్పటికీ పట్టుకుని కూర్చున్నది ఏంటి. రెండోది, ఇన్నాళ్లూ నేను చూడకుండా దాటేసింది ఏంటి. మూడోది, క్షమించాలంటే నేను చేయాల్సిన పని ఏంటి. కార్డులు కలపకముందే ఈ మూడూ కాగితం మీద రాయాలి. లేకపోతే కార్డు తిప్పాక మనకు అనుకూలంగా ప్రశ్నే మార్చేస్తాం, నేనూ అలా చేసినదాన్నే. తలకిందులుగా వచ్చిన కార్డును అలాగే చదువుతారా, నిలబెట్టి చదువుతారా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

ఇప్పుడు నా సంగతి. ఇంటర్ నుంచి మేమిద్దరం ఒకటే బెంచీ. పెళ్లిళ్లయ్యాక ఇద్దరం నల్గొండలోనే ఉన్నాం, సద్దుల బతుకమ్మ నాడు ఒకరి బతుకమ్మ పక్కన ఇంకొకరిది పెట్టకుండా ఏ ఏడూ పోలేదు. ఒకసారి తనను నేనే ఒక లక్ష రూపాయల చిట్టీలో చేర్పించాను, నేనే జామీను ఉన్నాను. తను మధ్యలో చిట్టీ ఎత్తుకుంది, తర్వాత కిస్తీలు ఆగిపోయాయి. 30,000 నేను కట్టాను. ఏడాదిలో 18,000 వాపస్ ఇచ్చింది, 12,000 మిగిలింది. ఆ మిగిలినదాని గురించి నేను మా మహిళా సంఘం మీటింగులో, పదిహేను మంది ముందు మాట్లాడాను. ఆ వారమే ఒక గృహప్రవేశంలో ఎదురుపడి "నీది దోస్తానా కాదు, వడ్డీ వ్యాపారం" అని అందరూ వినేలా అన్నది. నేను ఒక్క రూపాయి వడ్డీ తీసుకోలేదు. ఆ మాట నాకు 12,000 కంటే పెద్దదైపోయింది. అంతే, మూడేళ్లు మాటల్లేవు. గడియారం సెంటర్‌లో ఎదురొస్తే ఇద్దరం చెరో పక్కకు చూసేవాళ్లం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కార్డులు వేశాను. నా దగ్గరున్నది రైడర్ వెయిట్ డెక్కు, 1909లో లండన్‌లో వచ్చింది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాంతోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అందులో చిన్న కార్డుల మీద, అంటే కత్తులు, నాణేలు, గిన్నెలు లాంటివాటి అంకెల కార్డుల మీద కూడా మనుషులున్న బొమ్మలు ఉంటాయి. మనుషుల గొడవ చూసుకోవడానికి మనుషులున్న బొమ్మ కావాలి. పాత మార్సెయ్ డెక్కుల్లో అయిదు కత్తుల కార్డంటే అయిదు కత్తులే, అందులో నన్ను నేను ఎక్కడ వెతుక్కోవాలి?

మొదటి స్థానంలో ఫైవ్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. ముందు ఒక మనిషి మూడు కత్తులు పట్టుకుని వెనక్కి తిరిగి నవ్వుతుంటాడు, రెండు కత్తులు నేల మీద పడి ఉంటాయి, దూరంగా ఇద్దరు తల వంచుకుని నీళ్ల వైపు వెళ్లిపోతుంటారు. చూడగానే ఆ నవ్వేవాడు తనే అనుకున్నాను, గృహప్రవేశంలో అందరి ముందు నన్ను అవమానించి గెలిచింది కదా అని. కార్డుల అర్థాల పుస్తకం తెరిస్తే "ఓటమి, అవమానం" అని ఉంటుంది, అది కూడా నాకే సరిపోయింది.

కానీ నేను ఒక నియమం పెట్టుకున్నాను, ఎవరికి వేసినా ఇదే చేయిస్తాను. పుస్తకం ముట్టుకోకముందు, బొమ్మలో ఒక్కో మనిషి మీద వేలు పెట్టి "ఇది నేనైతే?" అనుకోవాలి. తల వంచుకున్నవాడి మీద పెట్టాను, సులభంగా ఒప్పుకున్నాను. నవ్వేవాడి మీద పెట్టేసరికి చేయి ఆగింది. ఆ స్థానం "నేను పట్టుకుని కూర్చున్నది" కదా. బొమ్మలో కత్తులు పట్టుకున్నవాడు అతనొక్కడే. గృహప్రవేశం కంటే ముందు సంఘంలో మాట్లాడింది నేను. ఆ రోజు అందరూ నన్ను సమర్థిస్తుంటే నాకు లోపల బాగానే అనిపించింది. మూడేళ్లలో ఎవరికి ఈ కథ చెప్పినా గృహప్రవేశం దగ్గర మొదలుపెట్టేదాన్ని, మీటింగు దగ్గర కాదు.

రెండోది సిక్స్ ఆఫ్ పెంటకిల్స్, తలకిందులుగా. ఒక షావుకారు తక్కెడ పట్టుకుని, మోకాళ్ల మీద ఉన్న ఇద్దరిలో ఒకరి చేతిలో నాణేలు వేస్తుంటాడు. నిలువుగా వస్తే దీన్ని దానం, సాయం అని చదువుతారు. తలకిందులుగా వస్తే లెక్క పెట్టుకుని చేసిన సాయం, తీరని అప్పు అంటారు. పుస్తకం అర్థం సరే. నాకు పట్టింది వేరు. ఇచ్చేవాడి చేతిలోనే తక్కెడ ఉంది. ఎంత ఇవ్వాలో, ఇచ్చింది ఎంతో, ఇంకా ఎంత రావాలో అంతా వాడే తూస్తాడు. తన బిడ్డ ఫీజుకు ఒకసారి, వాళ్ల అత్త ఆస్పత్రి ఖర్చుకు ఒకసారి నేను సర్దాను. ఆ రెండూ తను తీర్చేసింది. తీర్చాక కూడా నేను మాటల్లో తెస్తూనే ఉన్నాను. "వడ్డీ" అని తను అన్నది డబ్బు గురించి కాదని ఆ కార్డు ముందు కూర్చుని మొదటిసారి అర్థమైంది. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

మూడోది తిప్పేటప్పుడు కప్స్ రావాలని కోరుకున్నాను, నిజం. త్రీ ఆఫ్ కప్స్‌లో ముగ్గురు ఆడవాళ్లు గిన్నెలెత్తి ఆడుతుంటారు, అది చూస్తే నాకు బతుకమ్మే గుర్తొస్తుంది. అది రాలేదు. జస్టిస్ వచ్చింది. నా డెక్కులో అది 11, పాత డెక్కుల్లో 8 ఉంటుంది, ఈ డెక్కు తయారుచేయించిన వెయిట్ దాని అంకెను స్ట్రెంగ్త్ కార్డు అంకెతో మార్చాడు. డెక్కు ఒకటి కొని ఇంకో డెక్కు పుస్తకం చదివేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. అందులో ఒక న్యాయమూర్తి కుడి చేతిలో కత్తి నిలబెట్టి, ఎడమ చేతిలో తక్కెడ పట్టుకుని కూర్చుంటుంది.

మళ్లీ తక్కెడే. మూడు కార్డులు వేసినప్పుడు ఇలా తిరిగి వచ్చిన వస్తువు కోసం చూడండి, ఒక్కో కార్డు అర్థం కలిపి వాక్యం తయారుచేయడం కంటే అది ఎక్కువ చెబుతుంది. రెండో కార్డులో తక్కెడ షావుకారు చేతిలో ఉంది, మూడో దాంట్లో ఎటువైపూ లేని మనిషి చేతిలో ఉంది. మొదటి కార్డులో చెల్లాచెదురుగా ఉన్న కత్తులు ఇక్కడ ఒక్కటై నిలువుగా నిలబడ్డాయి. నేను దాన్ని ఇలా చదివాను: పైసలు వదిలేసి గొప్పగా క్షమించేస్తే మళ్లీ నేనే షావుకారును అవుతాను. రెండు పళ్లేల్లోనూ ఉన్నది చెప్పాలి. ఒకదాంట్లో తను ఇవ్వాల్సిన 12,000, ఇంకోదాంట్లో పదిహేను మంది ముందు నేనన్న మాట.

మూడు రోజులాగి ఫోన్ చేశాను. చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక "ఏందే, పైసలకా?" అన్నది. "పైసలకు కూడా. ముందు నా మాటకు" అన్నాను. సంఘంలో అన్నది సంఘంలోనే వాపస్ తీసుకోమని అడిగింది. తరువాతి మీటింగులో తీసుకున్నాను, గొంతు వణికింది. తను 12,000 నాలుగు నెలల్లో నాలుగు సార్లుగా ఇచ్చింది, నేను వద్దనలేదు. "వడ్డీ" మాటకు తను క్షమాపణ చెప్పింది, కానీ ఏడాది తర్వాత, అడగకుండానే. ఇప్పుడు మాట్లాడుకుంటాం, పండక్కి వెళ్తాం. చిట్టీల్లో ఇద్దరం కలిసి చేరం. క్షమించడం వేరు, మునుపటిలా ఉండడం వేరు. రెండోదాని కోసం ఈ మూడు కార్డులు వేయకండి, దానికి ఇద్దరు కావాలి.

ఎక్కడ తప్పుతుందో కూడా చెబుతాను. మూడు కార్డులూ చదివాక మూడింటిలోనూ తప్పు తనదే అని వచ్చిందంటే మీరు కార్డులు చదవలేదు, పాత గొడవే మళ్లీ చెప్పుకున్నారు. రెండో కార్డు మీద మళ్లీ వేలు పెట్టండి. నచ్చలేదని మళ్లీ కలిపి వేయడం అయితే అసలు చేయొద్దు. మా పక్కింటి పిల్ల ఫోన్ యాప్‌లో ఒకే సాయంత్రం పదకొండు సార్లు నొక్కింది, చివరికి సిక్స్ ఆఫ్ కప్స్‌లో పిల్లలు పూలిచ్చుకుంటున్న బొమ్మ వచ్చేదాకా ఆగలేదు, అదే జవాబని పట్టుకుంది. నేనైతే ఒకే ప్రశ్నకు నెల దాటకుండా మళ్లీ వేయను, వచ్చిన మూడూ తేదీతో డైరీలో రాస్తాను. ఇంకోటి, ఆ స్నేహితురాలు మిమ్మల్ని కొట్టినా, బెదిరించినా, ఇంకా మోసం చేస్తూనే ఉన్నా "నేను చూడనిది ఏంటి" అనే స్థానం మీకు అన్యాయం చేస్తుంది. అప్పుడు కార్డులు పక్కన పెట్టి ఇంట్లోవాళ్లకు చెప్పండి.

మీరు వేశాక కింద రాయండి, ముఖ్యంగా రెండో స్థానంలో ఏం వచ్చిందో, బొమ్మలో ఎవరి మీద వేలు పెట్టడానికి చేయి ఆగిందో.